ఎనిమిది దగ్గర ఆగే లెక్క

పొగమంచు మీద నాకెప్పుడూ గౌరవం లేదు. మా గుంటూరు వైపు మంచు ఎక్కువ పడితే పైరుకి తెగులొస్తుందని తిట్టుకుంటారే తప్ప, దాన్ని చూసి మురిసిపోయేవాళ్లని నేను చూడలేదు. అలాంటిది, ఈ అరబ్బు దేశంలో, ఖతీఫ్ శివారులో ఒక జనవరి శనివారం పొద్దున బస్సు దిగగానే ఆ పొగమంచు నా నోరు మూయించింది. నా నోరు మూయించడమంటే మాటలు కాదు. పాతికేళ్ల కాపురంలో మా ఆయన వల్ల కాలేదు. పదకొండేళ్ల ఉద్యోగంలో ముగ్గురు ప్రిన్సిపాళ్ల వల్లా కాలేదు.

మేం దిగింది ఒక ఇస్తిరాహ ముందు. శుక్ర, శనివారాల్లో కుటుంబాలు అద్దెకి తీసుకుని గడిపే తోట ఇల్లు అది. చుట్టూ నిలువెత్తు గోడ, ఇనుప గేటు, లోపల గడ్డి, ఎండిన ఈతకొలను, దాని వెనక ఖర్జూరపు చెట్లు. ఇవన్నీ ఉన్నాయని నాకు ముందే తెలుసు కాబట్టి రాస్తున్నాను గాని, ఆ పొద్దున గోడా లేదు, కొలనూ లేదు. చెట్ల మొదళ్లు మాత్రం కనిపించాయి, తలలు లేకుండా. ఆకుల మీది నీళ్లు ఎండుమట్టల మీద పడుతుంటే, ఎవరో ఒక్కో అడుగే ఆలోచించుకుంటూ నడుస్తున్నట్టు ఉంది.

నేను ఇక్కడి ఒక ఇండియన్ స్కూల్లో ఆడపిల్లల విభాగంలో లెక్కల టీచర్ని, తొమ్మిదో తరగతికి క్లాసు టీచర్ని. ఆ రోజు మా క్లాసుకి లీడర్షిప్ క్యాంపు. వచ్చే ఏడు స్కూలు కౌన్సిల్లో ఎవరుండాలో తేల్చడానికి పొద్దుట్నుంచి అసర్ నమాజు దాకా, అంటే మధ్యాహ్నం మూడింటి దాకా, చిన్న చిన్న పరీక్షలు పెడతాం. నలుగురూ కలిస్తేగాని తెగని చిక్కులన్న మాట. తెలివి ఎవరికుందో చూడటానికి కాదు; చిక్కుపడ్డప్పుడు ఎవరు అరుస్తారు, ఎవరు వింటారు, ఎవరు పక్కవాళ్లని తోసేస్తారు, అది చూడటానికి. క్యాంపు ఇన్‌చార్జి మా సోషల్ మేడం. హైదరాబాదావిడ. చేతిలో ఎప్పుడూ ఒక క్లిప్‌బోర్డు ఉంటుంది. అది లేకుండా ఆవిడని నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

గేటు దగ్గర పిల్లల్ని లెక్కపెట్టించాను. మా స్కూల్లో ఎక్కడికి కదిలినా రోల్ నంబర్లతోనే లెక్క. బస్సెక్కితే లెక్క, దిగితే లెక్క, ఫైర్ డ్రిల్లుకి గ్రౌండులోకి వెళ్తే లెక్క. ఎవరి నంబరు వాళ్లు చెప్పాలి.

"ఒకటి."

"రెండు."

అలా ఏడు దాకా వచ్చింది. తర్వాత ఒక ఖాళీ. ఒక ఊపిరి తీసి వదిలేంత. తర్వాత ఒక చప్పట్టు. ఆ వెంటనే "పది, పదకొండు, పన్నెండు, పదమూడు."

ఆ ఖాళీ గురించీ ఆ చప్పట్టు గురించీ చెప్పాలి.

ఏప్రిల్లో క్లాసులో పదమూడు మంది ఉండేవాళ్లు. సెప్టెంబరులో ఎనిమిదో నంబరు పిల్ల తండ్రికి ఉద్యోగం పోయింది. కంపెనీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టేసింది. అంటే మూటాముల్లె సర్దుకుని దేశం వదలాల్సిందే. గురువారం ఆ పిల్ల క్లాసులో కూర్చుని జామెట్రీ బాక్సుకి పేరు రాసుకుంది. ఆదివారానికి లేదు. ఇక్కడ పిల్లలు అలాగే మాయమవుతారు. వీడ్కోలు సభలూ పూలదండలూ ఏమీ ఉండవు. రిజిస్టరులో పేరు మీద ఎర్రగీత, అంతే. వెళ్లినవాళ్ల నంబరు ఏడాది చివరిదాకా ఇంకెవరికీ ఇవ్వకూడదని ఆఫీసు పద్ధతి. అందుకని మిగిలింది పన్నెండు మందే అయినా మా లెక్క పదమూడు దగ్గరే ఆగుతుంది.

ఆ చప్పట్టు తొమ్మిదో నంబరు పిల్లది. ఎనిమిదీ తొమ్మిదీ ఒకే బెంచీ. ఒకే సందులో ఇళ్లు. ఎనిమిది వెళ్లిపోయిన వారం నుంచి తొమ్మిది స్కూల్లో నోరు విప్పడం మానేసింది. పరీక్షలు రాస్తుంది, మార్కులు వస్తాయి, మాట మాత్రం రాదు. తండ్రి ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, నిజామాబాదు వైపు మనిషి. తల్లిని ఫోన్లో అడిగితే, "ఇంట్ల మాట్లాడ్తది మేడం. నీళ్లియ్యి, అన్నమొద్దు, గంతే. ఏడ్వదు గూడ. ఏడ్సినా మంచిగుండు" అంది.

నాలుగు నెలలు చూశాక ప్రిన్సిపాల్ నన్నూ ఇన్‌చార్జినీ పిలిచి మర్యాదగా చెప్పాడు. మాట్లాడే పరీక్షల్లో సున్నా వేసి పైక్లాసుకి పంపలేం. క్యాంపులో కూడా పిల్ల పెదవి విప్పకపోతే, మార్చి తర్వాత టీసీ ఇచ్చి ఇండియాకి తీసుకెళ్లమని తల్లిదండ్రులకి సలహా ఇద్దాం. అక్కడ మంచి డాక్టర్లున్నారు. సలహా అన్న మాట ఆయన వాడింది గాని, అర్థం అందరికీ తెలుసు. తల్లి పిల్లని తీసుకుని వెళ్తుంది, తండ్రి ఇల్లు ఖాళీ చేసి నలుగురుండే బ్యాచిలర్ రూములో చేరతాడు. ఇంకో సంసారం రెండు ముక్కలు. క్యాంపు రిపోర్టులో ఆ పిల్ల పేరు పక్కన ఒక గడి. 'మాట్లాడింది' అనో 'మాట్లాడలేదు' అనో అందులో నేను రాయాలి, ఇన్‌చార్జి సంతకం పెట్టాలి. ఆ గడి కోసమే నేను దెబ్బలాడి మరీ ఆ పిల్లని బస్సెక్కించాను.

మొదటి ఆట పైపు ఆట. తోట కాపలా చూసే ఆయన జగిత్యాల మనిషి. గోడలో కరెంటు వైర్లు పోనివ్వడానికి వాడే సన్నని ప్లాస్టిక్ పైపొకటి తెచ్చిచ్చాడు. పిల్లలు ఆరుగురొక వరసా ఆరుగురొక వరసా ఎదురెదురుగా నిలబడి చూపుడువేళ్లు చాపాలి. వేళ్ల మీద ఛాతీ ఎత్తున పైపు పెడతాం. అందరూ కలిసి దాన్ని నేల మీదకి దించాలి. పట్టుకోకూడదు, వేలు వంచకూడదు, ఎవరి వేలూ పైపుని వదలకూడదు. వదిలితే మళ్లీ మొదటికి.

వినడానికి చంటిపిల్లల పని. నేను "ఊఁ" అన్నాను. పైపు పైకి లేచింది.

భుజాల దాకా వచ్చింది. తర్వాత గడ్డాల దాకా. పన్నెండు మందీ కిందికి దించుతున్నారు, అది పైకి పోతోంది. దాని ఒక కొస మంచులోకి పోయి కనిపించడం లేదు.

"ఎవరే పైకి లేపుతోంది?" అని అరిచింది మూడో నంబరు. అది మా క్లాసులో మాటల పుట్ట. పిల్లలు తమలో తాము ఇంగ్లీషూ హిందీ కలిపి కొట్టేస్తారు. నేను తెలుగులో రాస్తున్నాను.

"నేను కాదు."

"నేనూ కాదు, ఒట్టు."

"ఆ చివర ఎవరున్నారు? ఆ చివర ఎవరో ఉన్నారు!"

పన్నెండోది పైపు వదిలేసి నా వెనక నక్కింది. నాకూ ఆ కొస వైపు నడవాలనిపించలేదు. కానీ లెక్కల టీచరు భయపడితే పరువేం కావాలి?

"దయ్యానికి ఇంకేం పని లేదా, పొద్దున్నే వచ్చి మీతో ప్లాస్టిక్ పైపు మొయ్యడానికి?" అన్నాను. "ప్రతిదానికీ ఒకటే భయం, వేలు ఎక్కడ విడిపోతుందో అని. అందుకని అందరూ కాస్త కాస్త పైకి ఆనిస్తున్నారు. పన్నెండు కాస్తలు కలిస్తే పైపు ఎగరదూ? ఒక్కళ్లు లెక్క చెప్పండి, లెక్కకి ఒక అంగుళం చొప్పున మోకాళ్లు వంచండి. చేతులు కదల్చొద్దు."

మూడోది లెక్క చెప్పింది. నాలుగో ప్రయత్నంలో పైపు గడ్డిని తాకింది. ఆ మాట అయితే నేను చెప్పాను గాని, లేపుతున్న వాళ్లెవరికీ తాము లేపుతున్నట్టు తెలియకపోవడం అనేది వివరించినా వివరించినట్టు ఉండదు. అది మనసులో ఎక్కడో నిలబడిపోయింది.

చాయ్‌కి ఆగాం. కాపలా ఆయన కాగితం గ్లాసుల్లో పోసి పళ్లెంతో తిప్పాడు. కాసేపటికి నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, పోరగాళ్లు ఎందరు?"

"పన్నెండు."

"గేటుకాడ నేను గూడ గట్లనే లెక్కవెట్టిన. మీరిద్దరు మేడంలు తాగలే. మరి పదమూడు గ్లాసులెట్ల పోయినయి?"

"ఎవరో రెండు తీసుకుని ఉంటారు."

"ఉంటరు, ఉంటరు" అన్నాడు నమ్మనట్టుగా. "ఈ మంచుల నేను చెట్లల్లకి పోను అక్కా. పదేండ్లాయె. మన్షి ఆడుంటడు, మాట ఈడినవడ్తది."

"మీరు పిల్లల ముందు ఈ కబుర్లు చెప్పకండి, మీకు పుణ్యముంటుంది" అన్నాను. ఆయన నవ్వాడు. నేను మాత్రం లేచి వెళ్లి చూశాను. ఈతకొలను గట్టు మీద తొమ్మిదో నంబరు ఒక్కతే కూర్చుంది. చేతిలో ఒక గ్లాసు. పక్కన గట్టు మీద ఇంకో గ్లాసు, నిండుగా, ఆవిరి కక్కుతూ. పిల్లకీ ఆ గ్లాసుకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు. నన్ను చూసి దాచడానికేమీ ప్రయత్నించలేదు. నేనూ అడగలేదు. అడగలేకపోయాను అనాలి.

రెండో ఆట తాడు. దాని దగ్గరే ఇన్‌చార్జికీ నాకూ మాటామాటా పెరిగింది. ఇరవై నాలుగు మీటర్ల తాడు కొసలు ముడివేసి గుండ్రంగా పరుస్తాం. పిల్లలందరికీ యూనిఫాం దుపట్టాలతో కళ్లకి గంతలు కడతాం. అందరూ తాడు పట్టుకుని దాన్ని చతురస్రం చెయ్యాలి. ఒక్క చెయ్యి జరపొచ్చు, రెండు చేతులూ ఒకేసారి ఎప్పుడూ వదలకూడదు. అయిపోయిందని అందరూ ఒప్పుకున్నాక తాడు కింద పెట్టి గంతలు విప్పుకోవాలి. అరగంట టైము.

"ఆ పిల్లకి గంతలొద్దు మేడం" అంది ఇన్‌చార్జి. "కళ్లు కట్టినంక మాటొక్కటే దారి. అదే లేదాయె ఆ పిల్లకి. అబ్జర్వర్‌గా పక్కన కూర్చోపెడ్దాం. పార్టిసిపేట్ చెయ్యలేదని రాసేస్కుంటే అయిపాయె."

"అయిపాయె అంటే ఎవరికి అయిపోయింది? మీకా, దానికా?"

"మీరు ప్రతిదానికి అట్ల అంటరు. ఆ పిల్ల చీకట్ల భయపడితే?"

"పన్నెండు మంది చేతులు పట్టుకున్న తాడు దాని చేతిలో ఉంటుంది. అంతకంటే వెలుతురు నేనూ మీరూ ఇచ్చామా ఈ నాలుగు నెలల్లో?"

ఆవిడ క్లిప్‌బోర్డు వైపు చూసుకుంది. వాదనలో నేను గెలిచాను. గెలిచానన్న ఆనందం, ఇదిగో, పది నిమిషాలు కూడా మిగల్లేదు.

గంతలు కట్టాం. పిల్లలు తాడు పట్టుకుని విడిపోయారు. మంచు ఇంకా చిక్కబడింది. నాకు దగ్గరగా నలుగురు కనిపిస్తున్నారు, తెల్ల దుపట్టాలు ముఖాలకి చుట్టుకుని, నోళ్లు మాత్రం కదుపుతూ. అక్కణ్నుంచి తాడు తెల్లటి గోడలోకి వెళ్లిపోయింది. అవతల ఎవరో లాగుతున్నారు, బిగుస్తోంది, సడలుతోంది.

మూడోది బుర్రకి పదును పెట్టింది. "వినండే! రోల్ నంబర్ల ప్రకారం నిలబడండి, సమానంగా. ఒకటి, నాలుగు, ఏడు, పది మూలలు. మధ్యలో ఇద్దరిద్దరు. మూడు నాలుగులు పన్నెండు. అయిపోయింది!"

నిజానికి మంచి ఉపాయం. తాడు మీద పన్నెండు మంది సమానంగా నిలబడితే మూడేసి అంతరాలకి ఒక మూల వస్తుంది. కాకపోతే వీళ్లకి అలవాటైన లెక్క పదమూడు దాకా. ఎనిమిది లేదు. ఏడుకీ పదికీ మధ్య ఒక్క తొమ్మిదే. పదికీ ఒకటికీ మధ్య ముగ్గురు. ఒక భుజం పొట్టి, ఒక భుజం పొడుగు. ఆ తప్పు నాకు వెంటనే తెలిసింది. చెప్పకూడదు, అది ఆట నియమం. నాలుకని పళ్ల మధ్య పెట్టుకున్నాను.

పదో నంబరుకి తెలిసింది. "ఇటు చాలా దగ్గరగా ఉన్నామే. ఏదో తేడా ఉంది."

"ఎనిమిది లేదుగా!" అంది మూడోది. "నంబర్లు మార్చేద్దాం. తొమ్మిది ఇప్పట్నుంచి ఎనిమిది. పది తొమ్మిది. అలా జరగండి. తొమ్మిదీ, వింటున్నావా? నువ్వే ఎనిమిది. ఎనిమిది వచ్చినప్పుడు తాడు పట్టుకున్న చేతి మీదే ఇంకో చేత్తో చప్పట్టు కొట్టు. మొదలెట్టండి."

ఒకటి, రెండు, మూడు. గొంతులు మంచులో ఒకచోట పుట్టి ఇంకోచోట వినిపిస్తున్నాయి. కాపలా ఆయన అన్నట్టే. ఆరు. ఏడు.

చప్పట్టు లేదు.

"తొమ్మిదీ! కొట్టవే!"

లేదు. చెట్ల మట్టల మీద నీళ్ల చప్పుడు. తాడు నా ముందు సన్నగా వణికింది, ఎవరో దాన్ని తీగలా మీటినట్టు.

"మళ్లీ మొదట్నుంచి" అంది మూడోది. దాని గొంతులో ధీమా తగ్గింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఏడు.

"ఎనిమిది."

సన్నని, బొంగురు గొంతు. నాలుగు నెలలుగా ఆ తరగతిలో వినిపించని గొంతు. ఆ వెంటనే, విడిగా, ఒక చప్పట్టు.

ఎనిమిది పలికింది. తొమ్మిది చప్పట్టు కొట్టింది.

ఎవరో కెవ్వుమన్నారు. "అది వచ్చింది! అది ఇక్కడే ఉంది!" తాడు ఒక్కసారి నేలకి జారబోయింది. "వదలకండి!" అని అరిచాను. ఎందుకు అరిచానో నాకే తెలీదు, ఆట పోతుందన్న దిగులైతే కాదు. ఇన్‌చార్జి నా మోచెయ్యి పట్టుకుంది. క్లిప్‌బోర్డు కింద పడేసి మరీ పట్టుకుంది. నేను మంచులోకి చూస్తున్నాను. ఏడుకీ పదికీ మధ్య తెలుపు తప్ప ఏమీ లేదు. ఆ తెలుపులో ఇద్దరు నిలబడ్డారంటే నేను కాదనగలిగేదాన్ని కాదు.

అప్పుడు గుర్తొచ్చింది. సెప్టెంబరులో ఆ ఆదివారం.

హాజరు వేస్తున్నాను. ఏడు అయ్యాక అలవాటుకొద్దీ "ఎనిమిది" అన్నాను. పక్కనున్న తొమ్మిది లేచి, "ఆబ్సెంట్ మేడం" అంది. నాకు ఆ పొద్దున ఇంట్లో ఏదో చికాకు. ఏమిటో ఇప్పుడు జ్ఞాపకం కూడా లేదు. "ఆబ్సెంట్ అంటే రేపు వచ్చేవాళ్లమ్మా" అన్నాను. "ఆ పిల్ల రాదు. లేనివాళ్ల నంబరు నీకెందుకు? నీ నంబరు నువ్వు చెప్పు చాలు." క్లాసు నవ్వింది. నా చతురోక్తులకి క్లాసు నవ్వుతుంది, నాకది ఇష్టం. ఆ పిల్ల నిలబడే ఉంది. నేను పెన్నుతో గీత గీసి పదికి వెళ్లిపోయాను.

అదే చివరి మాట. 'ఆబ్సెంట్ మేడం.' దాని తర్వాత ఆ పిల్ల ఏమీ అనలేదు. ప్రిన్సిపాల్ ముందు, తల్లి ముందు, ఇన్‌చార్జి ముందు నేను నాలుగు నెలలు కారణాలు వెతికాను. స్నేహితురాలి బెంగ, వయసు, ఫోన్లు, ఇంటి వాతావరణం, అన్నీ చెప్పాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ నా చిన్నప్పుడు రోజుకి రెండుసార్లు అనేది. వింటే కదా.

లెక్కలో ఏడు తర్వాత వచ్చే ఆ ఖాళీలో ఆ పిల్ల రోజూ పెదవుల లోపల ఎనిమిది అంటూనే ఉంది కాబోలు. ఒక ఊపిరి తీసి వదిలేంత ఖాళీ. ఆ ఊపిరి దానికి ఖర్చయిపోతుంటే, తన నంబరుకి చప్పట్టే మిగిలింది. గంతలు కట్టి, ఎవరూ ఎవరినీ చూడని చోట నిలబెట్టి, నీ స్నేహితురాలి నంబరు నువ్వు తీసేసుకో అనేసరికి పైకి వచ్చేసింది. ఇది నేను వేసుకున్న లెక్క. ఆ పిల్ల నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు.

పదిహేను నిమిషాలు మిగిలాయి. సగం మంది ఏడుపు మొహాలతో ఉన్నారు.

"మేడం, ఆపేద్దామా?" అంది మూడోది. అది ఆ మాట అనడం నేను వినడం అదే మొదలు.

"మీ ఇష్టం. మీరు ఆపితే ఆగుతుంది" అన్నాను.

తర్వాత మంచులోంచి అదే బొంగురు గొంతు.

"తాడు మడవండి."

"ఎవరు? తొమ్మిదీ, నువ్వేనా?"

పదో నంబరు, "తనే. నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది" అంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

"రెండుకి మడవండి" అంది ఆ గొంతు. "మళ్లీ రెండుకి. నంబర్లొద్దు."

అంతే. నంబర్లొద్దు. ఎవరి నంబరూ ఎవరూ తీసుకోనక్కర్లేదు.

మూడోదానికి తల పనిచేసింది. గుండ్రటి తాడుని ఇద్దరు చెరో కొసా పట్టుకుని బిగలాగారు, జంటపోగుల్లా. ఆ రెండు కొసలూ రెండు మూలలు. తర్వాత ఆ ఇద్దరూ ఒకరి దగ్గరికొకరు వచ్చి కొసలు కలిపారు. అవతల మడతపడ్డ చోట రెండు పోగుల్నీ చెరొకరు పట్టుకున్నారు. అవి ఇంకో రెండు మూలలు. మిగిలినవాళ్లు తాడు మీద చేతులు జార్చుకుంటూ ఎక్కడ చోటుంటే అక్కడ నిలబడ్డారు. మూలల్లో ఉన్న నలుగురూ వెనక్కి నడుస్తూ పోయి, ఒక చెయ్యి ముందుకీ ఒక చెయ్యి పక్కకీ చాపి, తాడు ఆ రెండు చేతుల వెంటా వెళ్లేదాకా జరుపుకున్నారు. ఈ చాపడం ఎవరి ఆలోచనో తెలీదు. లెక్కల టీచరుగా చెప్తున్నాను, చాలా మంచి ఆలోచన.

"అందరికీ సరేనా?" అంది మూడోది. ఒక్కొక్కరూ ఊఁ అన్నారు. ఒక చప్పట్టు కూడా వినిపించింది. తాడు కింద పెట్టి గంతలు విప్పుకున్నారు.

మధ్యాహ్నం దగ్గరపడుతోంది, అప్పటికి మంచు కాస్త పలచబడింది. గడ్డి మీద తాడు కనిపించింది. ఒక మూల కొంచెం వాలింది గాని, నాలుగు భుజాలూ సమానం. తొమ్మిదో నంబరు ఒక భుజం మధ్యలో నిలబడి ఉంది, పదో నంబరు చెయ్యి పట్టుకుని. రెండో పక్క ఒక మనిషి పట్టేంత చోటు. ఆ చోటులోకి ఎవరూ జరగలేదు.

భోజనాలయ్యాక మరో రెండు ఆటలు జరిగాయి. అవి ఏమిటో గుర్తుంది గాని చెప్పడానికేమీ లేదు. అసర్ నమాజు పిలుపు వినిపించే వేళకి ఇన్‌చార్జి రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టింది. నేను గడిలో 'మాట్లాడింది' అని రాశాను.

"ఎనిమిది మాటలు మేడం" అంది. "నేను లెక్కవెట్టిన. అందులో ఒకటి నంబరు."

"గడిలో మాట్లాడిందా లేదా అనే ఉంది. ఎన్ని అని లేదు."

"ప్రిన్సిపాల్ అడుగుతడు."

"అడిగితే, ఆ ఎనిమిది మాటల్లో పదకొండు మందికి దారి చూపించింది, మీరు మొన్న స్టాఫ్ మీటింగులో గంటసేపు మాట్లాడి ఎవరికి చూపించారని నేనే ఆయన్ని అడుగుతా."

ఆవిడ నన్ను అదోలా చూసింది. తర్వాత ఇంకో గడి మీద వేలు పెట్టింది. 'కారణం, తెలిసినట్లయితే' అని ఉంది అక్కడ. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. 'క్లాసు టీచరు మాట' అని రాశాను. ఆవిడ చదివింది. సంతకం పెట్టి కాగితం మడిచి పెట్టుకుంది. ఆ సంతకంతో టీసీ మాట అక్కడితో ఆగిపోయింది. నా గతేమిటన్నది తర్వాతి వారం ప్రిన్సిపాల్ గదిలో తేలింది. అది నాకు రావలసిందే, వచ్చింది.

బస్సెక్కాం. పొద్దు ఇంకా ఉండగానే సముద్రం వైపు నుంచి మంచు మళ్లీ దిగుతోంది. గోడ మొదట పోయింది, తర్వాత చెట్లు. తొమ్మిదో నంబరు కిటికీ పక్క కూర్చోలేదు, నడవ పక్క కూర్చుంది. కిటికీ సీటు ఖాళీ.

"లెక్క" అన్నాను.

ఒకటి, రెండు, మూడు. ఆరు. ఏడు.

ఖాళీ వచ్చింది. ఆ పిల్ల పెదవులు కదలబోవడం ఈసారి చూశాను.

"ఎనిమిది" అన్నాను నేను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"తొమ్మిది" అంది.

"పది" అంది వెనకది, ఆలస్యంగా. పదకొండు, పన్నెండు, పదమూడు.

డ్రైవరు పాకిస్తానీ. అద్దె బస్సు, మా పద్ధతులు తెలియనివాడు. అద్దంలోంచి నన్ను చూస్తూ చేతిలోని కాగితం ఊపాడు.

"మేడం, కాగజ్ పే బారా లిఖా హై. ఆవాజ్ తో తేరా ఆయీ."

కాగితం మీద పన్నెండు, వినిపించినవి పదమూడు. అవును మరి.

"ఏక్ ఆబ్సెంట్ హై, భాయ్" అన్నాను.

"తో రుక్ జావూఁ?"

ఆగమంటారా అని అడుగుతున్నాడు. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. కాపలా ఆయన ఒక రెక్క వేసేశాడు, రెండో రెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక అంతా తెలుపు.

"ఒక్క నిమిషం" అన్నాను. ఒక్క నిమిషం ఆగాం. తర్వాత పదమన్నాను. బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. ఆయన రెండో రెక్క ఇంకా వెయ్యలేదు.